కంచం గురించే ఎందుకు మాట్లాడతాం?

ఆడపిల్లల రక్తహీనత మీద మన ఊళ్ళలో జరిగే ప్రసంగాలు కంచం దగ్గర మొదలై కంచం దగ్గరే ముగుస్తాయి. ఒంట్లోకి ఏం వెళ్ళాలో చెబుతారు. ఒంట్లోంచి ఎంత పోతోందో అడగరు. నా గొడవంతా ఆ అడగని ప్రశ్న గురించే.

బుచ్చయ్యపేట మండలంలోని ఒక పల్లెలో ఆశా కార్యకర్త ఇరవై మంది యువతులతో మాట్లాడుతుంటే కూర్చుని విన్నాను. తోటకూర, మునగాకు తినమంది. అన్నంలో నిమ్మరసం పిండుకోమంది. తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటపట్టదంది. వారానికో ఐరన్ మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలనీ, విరోచనం నల్లగా అయితే భయపడొద్దనీ చెప్పింది. ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు.

అప్పుడొక అమ్మాయి, "నాకు ఎనిమిది రోజులు అవుతాది పిన్నీ, గడ్డలు కూడా పడతాయి" అంది. "మాత్రలేసుకో, సర్దుకుంటాది" అని ఆమె కూరల దగ్గరికి వెళ్ళిపోయింది.

సర్దుకుంటుందా? లెక్క చూద్దాం. మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుముంటుంది. నెలకి 80 మిల్లీలీటర్లు పోతే 40 మిల్లీగ్రాములు, అంటే రోజుకి 1.3. చర్మం, పేగుల ద్వారా సహజంగా పోయేది కలిపితే రెండు దాటుతుంది. మన అన్నం, కూరల భోజనంలోని ఇనుములో ఒంటపట్టేది నూటికి ఎనిమిది పాళ్ళు. అంటే ఆ నష్టం పూడడానికే రోజుకి పాతిక మిల్లీగ్రాములకి పైగా తినాలి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే పిల్లకి అది ఏ కట్ట తోటకూరతో వస్తుంది?

పైగా వారానికో మాత్ర నివారణకే గానీ చికిత్సకి కాదు. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గి, 8 కంటే దిగజారని అమ్మాయికి రోజూ రెండు మాత్రల చొప్పున మూడు నెలలు ఇవ్వాలని 2018 నాటి అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. నెలకి ఒక గ్రామైనా పెరగకపోతే డాక్టరు దగ్గరికి పంపాలి. వేలి మీద సూదిగుచ్చి చూడకుండా ఎవరికి నివారణో, ఎవరికి చికిత్సో ఎలా తెలుస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 60. 2019-21లో 58.8. తేడా అంతే! అయినా "ఈ పిల్లలు మాత్రలు మింగరు" అనే మాటే వింటాం. నేరం మళ్ళీ ఆడపిల్ల నోటిదే.

ఆశా కార్యకర్తని తప్పుపట్టను. ఆమెకి అందిన పాఠాన్నే ఆమె అప్పజెప్పింది. ఆ పాఠంలో కూరల కంటే ముందు నాలుగు ప్రశ్నలు చేరాలి. ఏడు రోజులు దాటుతోందా? గంటకో రెండు గంటలకో గుడ్డ మార్చాల్సి వస్తోందా? రూపాయి బిళ్ళంత గడ్డలు పడుతున్నాయా? రాత్రి మార్చుకోవడానికి లేస్తున్నావా? వీటిలో దేనికి ఔనన్నా, ఆ పిల్లకి మాత్రతో పాటు పరీక్ష కావాలి. థైరాయిడ్ లోపమో, గర్భాశయంలో గడ్డో, రక్తం సరిగా గడ్డకట్టని జబ్బో ఉందేమో చూడాలి. అధిక రక్తస్రావాన్ని తగ్గించే మందులున్నాయి.

బహిష్టుని అంటు అన్నందుకు మనం చాలానే రాశాం. దాన్ని కొలవమని కూడా ఇప్పుడు అడగాలి.