కారణం రాసిన రాజీనామా

స్వతంత్ర డైరెక్టర్ల రాజీనామా లేఖల్లో ‘వ్యక్తిగత కారణాలు’ అన్న మాట అరిగిపోయింది. 2020లో బెంగళూరు కంపెనీ విప్రో బోర్డు నుంచి అరుంధతీ భట్టాచార్య తప్పుకున్నప్పుడు అలా దాటవేయలేదు. స్టేట్ బ్యాంకు మాజీ ఛైర్‌పర్సన్ అయిన ఆమె ఆ ఏప్రిల్‌లో సేల్స్‌ఫోర్స్ భారత విభాగానికి సీఈఓ అయ్యారు. ప్రయోజనాల వైరుధ్యానికి తావివ్వకూడదన్నదే ఆమె చెప్పిన కారణం.

అది ఉత్తుత్తి అనుమానం కాదు. సేల్స్‌ఫోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఖాతాదారులకు అమర్చిపెట్టే అప్పిరియో సంస్థను విప్రో 2016లో 50 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ వ్యాపారం లెక్కలు బోర్డు బల్ల మీదికి వస్తే, ఆమె ఎవరి తరఫున ఆలోచించాలి?

ఒక్క చిక్కు మాత్రం ఉంది. రాజీనామా అమల్లోకి వచ్చింది జూన్ 30న; అంటే అప్పటిదాకా ఆమె రెండు చోట్లా ఉన్నారు. లేఖలో తర్వాతి తేదీ వేసుకునే వీలు కంపెనీల చట్టం 168వ సెక్షన్‌లోనే ఉంది. అయితే అలాంటి వ్యవధిలో 184వ సెక్షన్ కీలకం: తాను సీఈఓగా ఉన్న సంస్థతో ఒప్పందం చర్చకొస్తే డైరెక్టరు ఆ సంగతి వెల్లడించి, చర్చకు దూరంగా ఉండాలి. అందుకే ఇలాంటి లేఖల్లో కారణంతోపాటు, తప్పుకునేదాకా ఏయే అంశాలకు దూరంగా ఉంటారో కూడా రాయాలి. మదుపరికి పనికొచ్చే వాక్యం అదే.