రెండు టేబుళ్లు, ఒక్క మత్తు డాక్టరు

మా థియేటరులో టేబుళ్లు రెండు, సర్జన్లు ఇద్దరు. మత్తు డాక్టరు గారు ఒక్కరే. మత్తులో ఉన్న రోగిని విడిచి ఆయన రెండో టేబులుకు వెళ్లకూడదు. మొన్న హెర్నియా ఆపరేషనుకు ఒక పెద్దాయన వంతు రాగానే అత్యవసర సిజేరియన్ వచ్చింది. తల్లీబిడ్డలు ఆగలేరు కదా. రాత్రి నుండి మంచినీళ్లయినా ముట్టని పెద్దాయన మధ్యాహ్నం 2 దాకా అలాగే ఉన్నారు. కోపం రాదా మరి!

తప్పు మా లిస్టుదే. సర్జన్లను చూసి కేసులు వేశాము. మత్తు డాక్టరు గారి సమయాన్ని చూసి వేయాలి, అత్యవసరానికి కొంత ఖాళీ వదలాలి. మత్తుకు ముందు సాధారణంగా అన్నం 6 గంటలు, మంచినీళ్లు 2 గంటలు మానితే చాలును. వంతు వెనక్కు జరిగితే సిస్టరే డాక్టరు గారిని అడిగి నీళ్లివ్వాలి. మీ అంతట మీరు తాగవద్దు. అడగడానికి మాత్రం మొహమాటపడవద్దు.