ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరుకా, గ్లాసుకా? సీతంపేట కొండల్లోనైనా మీ ఇంట్లోనైనా లెక్క ఒకటే

పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట ఐటీడీఏ కేంద్రం. దాని చుట్టూ కొండల మీద సవర, జాతాపు గూడేలు ఉంటాయి. వానలు మొదలయ్యాక గెడ్డ నీళ్లు, ఊట నీళ్లు కలుషితమైతే ముందు మంచాన పడేది చిన్నపిల్లలే. అలాంటి చోట వైద్యం తొలి మెట్టు ఆస్పత్రిలో ఉండదు, ఆశా కార్యకర్త సంచిలో ఉంటుంది. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పద్నాలుగు జింక్ మాత్రలు. నగరంలో ఉన్న మీకూ చికిత్స ఇదే. కాకపోతే మీ దగ్గర మెడికల్ షాపు ఉంది, పొరపాటుకు అవకాశమూ ఎక్కువే.

మొదటి పొరపాటు కొనేటప్పుడే జరుగుతుంది. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకున్న తియ్యటి డ్రింకులు ఏళ్ల తరబడి మందుల షాపుల్లోనే అమ్ముడుపోయాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు దీనిపై పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాకు సరిపోని డ్రింకులపై ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఆ ఫార్ములాలో లీటరు నీళ్లకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి. పేగు గోడ ఉప్పును, గ్లూకోజ్‌ను జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరూ వెళ్తుంది. చక్కెర మరీ ఎక్కువైతే పేగే ఒంట్లోంచి నీటిని లాక్కుంటుంది, విరేచనాలు పెరుగుతాయి.

రెండో పొరపాటు కలిపేటప్పుడు. ప్యాకెట్లు రెండు సైజుల్లో వస్తాయి. దాదాపు 21 గ్రాములది పూర్తి లీటరుకు, నాలుగు గ్రాముల చిన్నది 200 మిల్లీలీటర్ల గ్లాసుకు. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసులో కలిపితే ఉప్పు ఐదింతలవుతుంది. బిడ్డ చిరాకు పడుతుంది, దాహం తీరదు, ఫిట్స్ కూడా రావచ్చు. అలాగని ప్యాకెట్‌లో సగం వేసి సగం దాచుకోవద్దు, కంటి అంచనాతో పొడి సరిగ్గా సగం కాదు. ఇంటి గ్లాసులను నమ్మకండి, లీటరు వాటర్ బాటిల్‌తో కొలవండి. నీళ్లు ముందే కాచి చల్లార్చాలి, కలిపాక కాచకూడదు. చక్కెర, పాలు, జ్యూస్ ఏదీ చేర్చొద్దు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి.

ఇక తాగించడం. ఏడాది వయసు, తొమ్మిది కిలోల బిడ్డ అనుకుందాం. రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు పట్టాలి. టీస్పూన్ అంటే ఐదు మిల్లీలీటర్లు. అంటే వందకు ఇరవై స్పూన్లు, నిమిషం రెండు నిమిషాలకు ఒకటి చొప్పున అరగంట పని. సీసాతో గబగబా పట్టిస్తే కడుపు ఒక్కసారిగా నిండి వాంతి అవుతుంది, అప్పుడు ‘ఓఆర్ఎస్ పడటం లేదు’ అని మానేస్తారు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో స్పూన్ చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. ఓపిక కావాలి, నిజమే. తల్లిపాలు, అన్నం మాత్రం ఆపొద్దు.

ఓఆర్ఎస్ విరేచనాలను ఆపదు, పోయిన నీటిని భర్తీ చేస్తుంది. చాలామంది నిరాశ పడేది ఇక్కడే. విరేచనాలు తొందరగా తగ్గడానికి జింక్ తోడ్పడుతుంది. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, రెండు నుంచి ఆరు నెలల వారికి అందులో సగం. స్పూన్‌లో కాచి చల్లార్చిన నీళ్లలోనో తల్లిపాలలోనో కరిగించి ఇవ్వాలి. మూడో రోజుకే విరేచనాలు కడతాయి, మిగతా పదకొండు మాత్రలు అలమరలో ఉండిపోతాయి. పద్నాలుగు రోజులూ వేస్తేనే పేగు కోలుకుంటుంది, తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు పట్టుకునే ముప్పు తగ్గుతుంది.

కళ్లు లోతుకు పోయి, బిడ్డ చిరాగ్గా ఉండి, నీళ్లు కనబడితే ఆత్రంగా తాగుతుంటే ఒంట్లో నీరు తగ్గినట్టే. అప్పుడు కిలోకు 75 మిల్లీలీటర్లు, అంటే మన తొమ్మిది కిలోల బిడ్డకు 675, నాలుగు గంటల్లో పట్టించాలి. అది ఆరోగ్య కేంద్రంలో, సిబ్బంది కళ్లెదుట జరగాలి. మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే రెండు సెకన్లకూ సర్దుకోకపోయినా సెలైన్ అవసరం, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మలంలో రక్తం పడినా, బిడ్డ వయసు రెండు నెలల లోపైనా ఇంట్లో ఆగొద్దు. గూడెం నుంచి సీతంపేటకు దిగాల్సిన బిడ్డకైనా, ట్రాఫిక్ దాటాల్సిన మీ బిడ్డకైనా, తాగగలిగినంతసేపు దారి పొడవునా స్పూన్ ఆపొద్దు.