క్యారమ్స్ లీగ్‌లో అందరూ సున్నా నుంచే మొదలవ్వాలా?

హాస్టల్లోనో కాలనీ క్లబ్బులోనో క్యారమ్స్ లీగ్ పెట్టినవాళ్లకి ఈ సీన్ తెలిసిందే. మొదటి వారం పదహారు పేర్లు వస్తాయి, మూడో వారానికి ఆరుగురే మిగులుతారు. వరుసగా 25-4, 25-6తో ఓడినవాడు మళ్లీ ఎందుకు వస్తాడు? తప్పు అతనిది కాదు, రూల్స్ రాసినవాళ్లది అంటాను.

చాలామందికి మొదట తట్టేది బలహీనుడి కాయిన్లలో రెండు తీసేయడం. నాకిది నచ్చదు. ఓడినవాడి కాయిన్లు బోర్డు మీద ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు అన్నదే ఆట లెక్క. తొమ్మిదికి తొమ్మిది అన్న సమానత్వాన్ని కదిపితే ఆ లెక్కా మారుతుంది, బ్రేక్ అమరికా మారుతుంది. బోర్డు జోలికి పోకుండా స్కోరు ముందివ్వడమే మేలు.

ఎంత ఇవ్వాలి? క్లబ్బులో అందరికన్నా బాగా ఆడేవాడి సంఖ్య సున్నా అనుకోండి. మిగతావాళ్లు అతనితో తలా మూడు గేములు ఆడాలి. ఒక కుర్రాడు 25-7, 25-11, 25-9తో ఓడాడు. తేడాలు 18, 14, 16. సగటు 16, అదే అతని సంఖ్య. మొత్తం 16 ఇచ్చేస్తే అతనికి తొమ్మిది పాయింట్లు చాలు, రెడ్‌తో కలిపి ఒక్క మంచి బోర్డులో అవి వచ్చేస్తాయి. అందుకే మూడొంతులు, అంటే 12 ఇవ్వాలి. ఎప్పటిలా తొమ్మిది తెచ్చుకున్నా 21కి చేరతాడు. గేమ్ చివరిదాకా నడుస్తుంది, బాగా ఆడేవాడికి కాస్త పైచేయీ ఉంటుంది. మధ్యస్థులిద్దరు తలపడితే? 16, 8 సంఖ్యలవాళ్లయితే తేడా 8, ఇచ్చేది 6.

ఇక్కడే గొడవ మొదలవుతుంది. స్కోరు 22కి చేరాక రెడ్ కవర్ చేసినా మూడు పాయింట్లు రావు. 12తో మొదలైనవాడు సొంతంగా పదే గెలిచి ఆ గీత దాటేస్తాడు. ‘నా రెడ్ ఏది?’ అంటాడు. కనిపించే స్కోరే లెక్క అని ముందే రాసిపెట్టాలి. లేకపోతే 22 దగ్గర ఒక్క కాయిన్ తేడాతో బోర్డు గెలిచినా రెడ్ కలిపి గేమ్ అయిపోతుంది. రెజ్యూమెలో ‘లీగ్ నిర్వహించాను’ అని రాస్తే, రూల్ అలా ఎందుకు పెట్టారని అడిగేవాళ్లకి చెప్పాల్సింది ఇలాంటి కారణమే.

మామూలుగా 25 పాయింట్లు లేదా ఎనిమిది బోర్డులతో గేమ్ ముగుస్తుంది. ఆధిక్యంతో మొదలైనవాడు కొట్టడం మానేసి అడ్డుపెట్టే ఆట ఆడతాడు. ఎనిమిదో బోర్డు దాకా వెళ్లే గేములు పెరిగాయంటే జరుగుతున్నది ఇదే. హ్యాండిక్యాప్ గేములకు ఆ పరిమితి తీసేయండి, ఆలస్యమైనా సరే.

ఇక కావాలని ఓడి సంఖ్య పెంచుకునే ఘనులుంటారు. గెలిస్తే సంఖ్యలో 2 తగ్గించి, ఓడితే 1 మాత్రమే పెంచితే వాళ్ల పప్పులుడకవు. ఒక్క గెలుపు లాభం రావాలంటే రెండు మ్యాచ్‌లు పోగొట్టుకోవాలి మరి.