సారాంశంలో కుడి, వివరాల్లో ఎడమ

మైపాడు వైపు రొయ్యల గుంటల మీద పనిచేసే నడివయసు మనిషి ఒకాయన ఉన్నాడనుకుందాం. మూడు రోజులుగా ఎడమ డొక్కలో పోటు. నెల్లూరు వచ్చి సీటీ స్కాన్ తీయించుకున్నాడు. రిపోర్టు మొదటి పేజీలో ‘ఎడమ మూత్రనాళం పైభాగంలో 8 మిల్లీమీటర్ల రాయి ఉంది, ఎడమ కిడ్నీ కొద్దిగా ఉబ్బింది, కుడి కిడ్నీ మామూలుగా ఉంది’ అని రాశారు. రెండో పేజీ చివర సారాంశంలో మాత్రం ‘కుడి మూత్రనాళంలో రాయి’ అని పడింది. ఓపీలో ఊపిరాడని డాక్టరు చూసేది చాలాసార్లు ఆ చివరి రెండు లైన్లే. ఆపరేషన్ కాగితాల్లోకి ఎక్కేదీ అవే.

ఇప్పుడు ఆయన ఏం చేయాలి? మన దగ్గర మామూలుగా జరిగేది వేరు. స్కాన్ సెంటర్ కౌంటరు దగ్గరికి వెళ్తే, అక్కడి అమ్మాయి ‘టైపింగ్ మిస్టేక్ సార్’ అని పెన్నుతో కుడి కొట్టేసి ఎడమ అని రాసి ఇచ్చేస్తుంది. లేదా కంప్యూటర్లో మార్చి, అదే తేదీతో, అదే నంబరుతో కొత్త ప్రింటు ఇస్తారు. పని అయిపోయిందని మనం సంతోషంగా ఇంటికొస్తాం. నా ఉద్దేశంలో ఈ రెండు దిద్దుబాట్లూ అసలు తప్పు కంటే ప్రమాదం. అది ఎందుకో తెలియాలంటే కుడి ఎడమలు ఎక్కడ తారుమారవుతాయో చూడాలి.

ఈ తప్పు రెండు చోట్ల పుట్టొచ్చు. మొదటిది మాటలో. బొమ్మలు సరిగ్గానే ఉంటాయి. రేడియాలజిస్టు చెబుతూ పోతుంటే నోరు జారుతుంది, లేదా నిన్నటి పేషెంటు కోసం తయారైన నమూనాలో ఒక మాట మార్చకుండా మిగిలిపోతుంది. ‘కుడి’ అన్నదీ సరైన మాటే, ‘ఎడమ’ అన్నదీ సరైన మాటే కాబట్టి స్పెల్లింగు చూసే సాఫ్ట్‌వేర్ ఏ ఎర్ర గీతా గీయదు.

రెండోది బొమ్మలోనే. సీటీ మిషన్‌కు మనిషి కుడి ఎడమలు సొంతంగా తెలియవు. తల ముందుగా లోపలికి వెళ్లిందా, కాళ్లు ముందుగానా, వెల్లకిలా పడుకున్నారా, బోర్లానా అన్నది టెక్నీషియన్ నమోదు చేస్తాడు. దాన్ని బట్టి మిషన్ పక్కల గుర్తులు వేస్తుంది. ఆ నమోదు తప్పితే బొమ్మ మీద కుడి ఎడమలు తిరగబడతాయి. కడుపు స్కాన్ అయితే లోపల సాక్షులున్నాయి. లివర్ కుడివైపు, ప్లీహం ఎడమవైపు ఉంటాయి కాబట్టి బొమ్మ తిరగబడితే లివరే పట్టిచ్చేస్తుంది (పుట్టుకతోనే అవయవాలు తారుమారైనవాళ్లు చాలా అరుదు). అల్ట్రాసౌండ్‌లో పక్క అన్నది స్కాన్ చేసినవారు తెర మీద టైపు చేసిన మాటే. అక్కడ కూడా కిడ్నీ పక్కన లివర్ కనిపిస్తే అది కుడిదని తేల్చవచ్చు. మోకాలికీ మణికట్టుకూ ఇలాంటి సాక్షి లేదు. ఎక్స్‌రే తీసేటప్పుడు ఫిల్ము మీద పడేలా పెట్టే సీసపు అక్షరమే దిక్కు. అది తప్పితే మళ్లీ తీయడమే.

అందువల్ల కౌంటరు దగ్గర పెన్నుతో దిద్దినవాళ్లకు ఏది తప్పో తెలియదు. మాటలో తప్పో బొమ్మలో తప్పో తేల్చగలిగింది బొమ్మలు మళ్లీ తెరిచి చూసిన రేడియాలజిస్టే. కాబట్టి పేషెంటు ఉత్తరం రాయాల్సింది ఆ రేడియాలజిస్టుకే. అందులో కూడా ‘కుడి తీసేసి ఎడమ అని రాయండి’ అని అడగకూడదు. ‘మళ్లీ చూసి చెప్పండి’ అని అడగాలి. ఇలా రాస్తే చాలు:

‘రేడియాలజీ విభాగం వైద్యులు గారికి. అయ్యా, ఫలానా తేదీన మీ దగ్గర నాకు సీటీ స్కాన్ తీశారు. పేషెంటు నంబరు, స్కాన్ నంబరు పైన రాశాను. రిపోర్టు మొదటి పేజీలో రాయి ఎడమ మూత్రనాళంలో ఉందనీ, రెండో పేజీ సారాంశంలో కుడివైపు ఉందనీ ఉంది. నాకు నొప్పి ఎడమవైపు. దయచేసి బొమ్మలు మళ్లీ పరిశీలించి, ఏ పక్కో నిర్ధారించి, తేదీతో సంతకంతో సవరణ పత్రం ఇవ్వగలరు. నన్ను పంపిన డాక్టరు గారికి కూడా తెలియజేయగలరు. రిపోర్టు నకలు జతచేశాను.’

ఇందులో కోపం లేదు, పరిహారం మాట లేదు. అవి వేరే కాగితం మీద రాసుకోవచ్చు. ఫిర్యాదు వాసన తగిలితే ఉత్తరం రేడియాలజిస్టు బల్ల మీదికి పోకుండా యాజమాన్యం అల్మారాలోకి పోతుంది. ఒరిజినల్ ఇవ్వకుండా నకలే ఇవ్వాలి. ఉత్తరం రెండో ప్రతి మీద తేదీతో స్టాంపు వేయించుకోవాలి. ఆపరేషన్ దగ్గర్లో ఉంటే ముందు సర్జన్‌కు ఫోన్ చేసి, తర్వాత ఉత్తరం రాయాలి.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంట్లో ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి ‘రాయి కుడివైపే కనిపిస్తోంది’ అని ఉత్తరంలో వాదించవద్దు. సీటీ అడ్డుకోత బొమ్మను పేషెంటు పాదాల వైపు నిలబడి చూస్తున్నట్టు చూపిస్తారు. ఆయన కుడి మన కళ్లకు ఎడమవైపు పడుతుంది. నొప్పి వైపు రాయడం మంచిదే కానీ, నొప్పి ఒక ఆధారం మాత్రమే, తీర్పు కాదు.

సవరణ పత్రం ఎలా ఉండాలి? పాత రిపోర్టు చెరగకుండా అలాగే ఉండాలి. దాని కింద, ఫలానా తేదీ ఫలానా గంటకు బొమ్మలు మళ్లీ చూశామనీ, సారాంశంలో ‘కుడి’ అన్నచోట ‘ఎడమ’ అని చదువుకోవాలనీ, సంబంధిత డాక్టరుకు ఫోన్‌లో చెప్పామనీ రాసి రేడియాలజిస్టు సంతకం చేయాలి. గుట్టుగా మార్చి ఇచ్చిన కొత్త ప్రింటులో ఇవేవీ ఉండవు. ఒకే నంబరుతో రెండు రిపోర్టులు లోకంలో తిరుగుతుంటాయి. నెల్లూరు పేషెంట్ల విషయంలో ఇది ఊహ కాదు. పాత రిపోర్టు ఫొటో అప్పటికే ఊళ్లో ఆర్‌ఎంపీ ఫోన్‌లోకీ, చెన్నైలో చూపిద్దామన్న బావమరిది ఫోన్‌లోకీ వెళ్లిపోయి ఉంటుంది. ఎన్టీఆర్ వైద్యసేవ కింద అనుమతి కోసం అప్‌లోడ్ చేసినా చేసి ఉంటారు. చెన్నైలో కూర్చున్న సర్జన్‌కు రెండింట్లో ఏది ముందుదో, ఏది దిద్దినదో తెలిసే దారి ఆ సవరణ పత్రం ఒక్కటే.

కాగితం మీద పక్క తప్పితే ఎంతదాకా పోతుందో చూడండి. 2000 జనవరిలో వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో, ప్రిన్స్ ఫిలిప్ ఆసుపత్రిలో, 70 ఏళ్ల రోగికి జబ్బుపడిన కుడి కిడ్నీ తీయాల్సింది పోయి బాగున్న ఎడమ కిడ్నీ తీసేశారు. ఆసుపత్రిలో చేర్చుకునే కాగితం మీద పక్క తప్పుగా పడింది. ఆపరేషన్ చూస్తున్న వైద్య విద్యార్థిని హెచ్చరించినా పట్టించుకోలేదు. ఆయన అయిదు వారాల్లో చనిపోయారు. కత్తి తప్పడానికి ముందే కాగితం తప్పింది.

మన నిబంధనల సంగతి చూద్దాం. 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం పేషెంటు అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. అది ఇవ్వడం గురించే, దిద్దడం గురించి కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 12వ సెక్షన్ తప్పు సమాచారాన్ని సరిచేయమని అడిగే హక్కు ఇచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడినా ఈ భాగం అమలుకు 18 నెలల వ్యవధి పెట్టారు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ విషయం కొత్త కాదు. అక్కడ రికార్డు దిద్దమని అడిగితే 60 రోజుల్లో జవాబివ్వాలి, కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, పేషెంటు అసమ్మతిని రికార్డుకు జతచేయాలి. మన ఆసుపత్రులు చట్టం కోసం ఆగనక్కర్లేదు. స్కాన్ కౌంటరు దగ్గర అరపేజీ సవరణ ఫారం పెట్టి, అది ఆ రోజే రేడియాలజిస్టు చేతికి చేరేలా చూస్తే చాలు.

మన రొయ్యల గుంటల మనిషి చేతికి సవరణ పత్రం వచ్చిందనుకుందాం. పాత రిపోర్టు చించెయ్యకూడదు. సవరణ పైన, పాతది కింద పెట్టి పిన్ను కొట్టి, ఫిల్ములున్న ప్లాస్టిక్ కవర్లోనే ఉంచాలి. ఆ రెండు కాగితాలూ కలిపి ఒకే ఫొటో తీసి, ముందు ఫొటో ఎవరెవరికి వెళ్లిందో వాళ్లందరికీ పంపాలి. ఆపరేషన్ రోజు మత్తు ఇవ్వకముందే సర్జన్‌తో ‘ఎడమ’ అని ఒకసారి తన నోటితో చెప్పాలి.