కుదించవలసింది మాటలనా, మర్యాదనా? : ఒక కార్యాలయ లేఖ ఆధారంగా

విషయ ప్రవేశం

గ్రాంథిక ధోరణిలో ఉన్న లేఖను వాడుకభాషలోకి కుదించే ప్రసక్తి వచ్చినప్పుడల్లా రెండు వాదాలు ఎదురవుతాయి. లేఖలోని నిడివీ, పాత క్రియారూపాలే మర్యాదకు ఆధారమనీ, వాటిని తొలగిస్తే మొరటుదనమే మిగులుతుందనీ మొదటి పక్షం అంటుంది. మర్యాద కేవలం అలంకారమనీ, విషయం మిగిలితే చాలుననీ రెండవ పక్షం అంటుంది. పైకి విరుద్ధంగా కనిపించే ఈ రెండు వాదాల పునాది ఒక్కటే. మర్యాద ‘ఇందుమూలముగా’, ‘తమరు’, ‘చేయబడును’ వంటి మాటలలోనే ఉందని ఇద్దరూ నమ్ముతున్నారు. ఒకరు దానిని కాపాడాలంటారు, మరొకరు వదిలేయమంటారు.

ఈ నమ్మకం తప్పని నా వాదన. వాడుక తెలుగుకు తనదైన మర్యాదా వ్యాకరణం ఉంది. అది క్రియను ఎంచుకోవడంలో, వాక్యాల వరుసలో, కారణం చెప్పే తీరులో పనిచేస్తుంది. ఆ వ్యాకరణాన్ని ఉపయోగించకుండా పదాలను మాత్రమే తీసివేస్తే వచ్చేది వాడుకభాష కాదు, ముక్కలు చేసిన గ్రాంథికం మాత్రమే.

1914లో గురజాడ తన అసమ్మతి పత్రం సమర్పించే నాటికి వాదమంతా ప్రధానంగా పాఠ్యగ్రంథాల భాష గురించి. 1966 నాటి అధికార భాషా చట్టం తెలుగును పాలనలోకి తెచ్చింది. అయితే తెలుగులో రాయాలని నిర్ణయించుకోవడం వేరు, ఉత్తరం అందుకునే మనిషితో ఏ వరుసలో మాట్లాడాలో తెలుసుకోవడం వేరు. ఈ రెండవ విషయాన్ని ఒక ఉదాహరణతో పరిశీలిస్తాను.

ఒకే విషయం, రెండు ఉత్తరాలు

మా అమ్మమ్మ కుటుంబ పింఛను పొందుతున్నది. ఒక ఏడాది ఆమెకు ఒక కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. వ్యక్తిగత వివరాలను తొలగించి, జ్ఞాపకం ఆధారంగా దాని పాఠాన్ని ఇస్తున్నాను:

“ఇందుమూలముగా తమరికి తెలియజేయునది ఏమనగా, తమరు పొందుచున్న కుటుంబ పింఛనుకు సంబంధించిన జీవన ధ్రువీకరణ పత్రము ఈ కార్యాలయమునకు ఇంతవరకు అందియుండలేదు. కావున తమరు సదరు పత్రమును నవంబరు 30వ తేదీ లోగా ఈ కార్యాలయమునందు స్వయముగా హాజరై సమర్పించగలరు. గడువులోగా సమర్పించని యెడల డిసెంబరు మాసము నుండి తమరి పింఛను చెల్లింపు నిలుపుదల చేయబడును. అస్వస్థత కారణముగా హాజరు కాలేని వారు ఆ విషయమును లిఖితపూర్వకముగా తెలియజేసినచో తగు ఏర్పాట్లు చేయబడును.”

నేను చదివి వినిపిస్తుండగా ‘సమర్పించగలరు’ దగ్గర ఆమె నన్ను ఆపింది. “ఇవ్వగలనే గానీ, మోకాళ్ళు కదలొద్దూ?” అంది. ఆమె ప్రశ్నకు జవాబు ఆఖరి వాక్యంలో ఉంది. అక్కడికి చేరేసరికి ఆమె వినడం మానేసింది.

మరుసటి ఏడాది వచ్చిన ఉత్తరాన్ని ఎవరో సదుద్దేశంతోనే సరళం చేశారు:

“మీ జీవన ధ్రువీకరణ పత్రం మాకు అందలేదు. నవంబరు 30లోగా వచ్చి ఇవ్వండి. లేకపోతే పింఛను ఆపేస్తాం.”

ఈసారి ప్రతి మాటా అర్థమైంది. “నేనేం తప్పు చేశానని ఆపేస్తారు?” అని అడిగింది. ఇంటి దగ్గరే ఏర్పాటు చేయించుకునే వీలు ఈ ఏడాది లేదనుకుని, ఆటోలో వెళ్ళి, ఒక పూటంతా ఆ కార్యాలయం బల్ల మీద కూర్చుని వచ్చింది. మొదటి ఉత్తరంలో 52 మాటలున్నాయి, రెండవదానిలో 13. తీసివేసిన 39 మాటలలో ఏవి పోవలసినవి, ఏవి పోకూడనివి అన్నదే ఇక్కడి ప్రశ్న.

‘గలరు’, ‘అండి’ : ఎవరి కోసం చేసే పని?

కార్యాలయ భాషలో ‘గలరు’ అభ్యర్థన. వాడుకలో అది సామర్థ్యాన్ని సూచిస్తుంది. ‘మీరు ఈత కొట్టగలరు’ అంటే కొట్టమని అడిగినట్టు కాదు. కాబట్టి అమ్మమ్మ అర్థం చేసుకున్న తీరులో తప్పు లేదు. ‘గలరు’ పోవలసినదే. దాని స్థానంలో ‘ఇవ్వండి’ పెడితే మర్యాద నిలిచినట్టేనా? ‘అండి’ ఉంది కదా అని రెండవ పక్షం అంటుంది.

నిత్యజీవితంలో మనం ‘కూర్చోండి’, ‘భోంచేయండి’, ‘జాగ్రత్తగా వెళ్ళండి’ అంటాం. వీటికి ఏ మెత్తదనమూ జోడించనక్కరలేదు, అవతలి వ్యక్తి మేలు కోసం చెప్పేవి గనుక. చెప్పేవారి అవసరం కోసం, వినేవారికి శ్రమ కలిగే పని అడిగేటప్పుడు మాత్రం తెలుగువారు అలా మాట్లాడరు. ‘కాస్త ఆ కుర్చీ ఇటు జరుపుతారా’ అంటారు, లేదా ‘ఇవాళే కట్టాలిటండీ’ అని నిబంధన మీదకు నెట్టి చెబుతారు. అంటే ‘అండి’ గౌరవవాచకమే గానీ, ఆజ్ఞను అభ్యర్థనగా మార్చే శక్తి దానికి లేదు. అధికారం ఉన్న కార్యాలయం నడవలేని మనిషితో ‘వచ్చి ఇవ్వండి’ అంటే అది గౌరవ బహువచనంలో ఉన్న ఆజ్ఞ. ‘ఇవ్వవలసి ఉంటుంది’ అంటే పని అదే, కానీ అది నిబంధన కోరుతున్నదని, రాసినవారి ఇష్టాయిష్టం కాదని తెలుస్తుంది.

‘తమరు’ విషయం ఇంత చిక్కైనది కాదు. నేటి మాటల్లో అది అతివినయంగానో ఎత్తిపొడుపుగానో వినిపిస్తుంది. ‘మీరు’, పేరు పక్కన ‘గారు’, మొదట ‘నమస్కారం’ ఉంటే గౌరవానికి లోటు లేదు. ఈ రెండు మాటలను సంక్షిప్తత పేరుతో తీసివేయడం మాత్రం పిసినారితనం.

ఒక ‘బడు’కు రెండు గమ్యాలు

కర్మణి వాక్యాన్ని వాడుకలోకి మార్చడమంటే కర్తను తిరిగి తెచ్చి పెట్టడమే అనే సూత్రం ప్రచారంలో ఉంది. ‘నిలుపుదల చేయబడును’ కాస్తా ‘ఆపేస్తాం’ కావడానికి ఆ సూత్రమే కారణం. ఇక్కడ రెండు నష్టాలు జరిగాయి. ఒకటి అర్థానికి సంబంధించినది. నిలుపుదల అంటే తాత్కాలికంగా ఆగడం. ‘ఆపేస్తాం’లోని ‘వేయు’ అనే సహాయక్రియ పని పూర్తిగా తేలిపోయిందనే భావాన్ని తెస్తుంది. ‘తినేశాను’, ‘పారేశాను’ అన్నప్పుడు వినిపించేది అదే. రెండవ నష్టం వరుసకు సంబంధించినది. వాక్యంలో లేని ‘మేము’ ఒక్కసారిగా వచ్చి ఎదుట నిలబడి బెదిరించింది.

కర్తను చెప్పకుండా ఉండటానికి వాడుక తెలుగుకు ‘బడు’ అవసరం లేదు. ఆపు–ఆగు, మార్చు–మారు, పెంచు–పెరుగు వంటి జంటలు మనకున్నాయి. ‘పింఛను ఆగుతుంది’ అన్న వాక్యంలో బెదిరింపు లేదు, పరిణామం ఉంది. సమాచారం ఏమీ తగ్గలేదు.

అయితే అదే ఉత్తరంలో రెండవ ‘చేయబడును’ ఉంది: ‘తగు ఏర్పాట్లు చేయబడును’. ఇది వాగ్దానం. దీన్ని ‘ఏర్పాటు జరుగుతుంది’ అని రాస్తే ఎవరు చేస్తారో తెలియదు. ఇక్కడ ‘చేస్తాం’ అనడమే మర్యాద. నష్టం కలిగించే నియమాన్ని చెప్పేటప్పుడు అకర్మక క్రియ, సాయం చెప్పేటప్పుడు కర్తతో కూడిన సకర్మక క్రియ. ఈ తేడా తెలియని సరళీకరణ ‘బడు’లన్నిటినీ ఒకే గాటన కట్టింది.

ఈ సూత్రానికి హద్దు ఉంది. అధికారి తన విచక్షణతో దరఖాస్తును కాదన్నప్పుడు ‘మంజూరు కాలేదు’ అని అకర్మకంలో దాక్కోవడం మర్యాద కాదు, బాధ్యత తప్పించుకోవడం. అక్కడ ‘మంజూరు చేయలేకపోయాం’ అని కారణంతో సహా రాయాలి. పింఛను విషయంలో నియమం అందరికీ ఒకటే కనుక ‘ఆగుతుంది’ నిజాయతీగానే ఉంది.

వరుస మార్చిన ఉత్తరం

13 మాటల ఉత్తరంలోని మొదటి వాక్యం ‘అందలేదు’ అనే లోపంతో మొదలవుతుంది. వినేవారికి అది నిందలా తోస్తుంది. మాటల్లోనైతే మనం అవతలివారికి కావలసిన దానితో మొదలుపెట్టి, లోటును తర్వాత చెబుతాం. ‘-తే’ ప్రత్యయం ఇందుకు చక్కగా ఒదుగుతుంది. వీటన్నిటినీ పాటిస్తే ఉత్తరం ఇలా ఉంటుంది:

“శ్రీమతి … గారికి, నమస్కారం. నవంబరు 30లోగా మీ జీవన ధ్రువీకరణ పత్రం మాకు అందితే కుటుంబ పింఛను ఆగకుండా వస్తుంది. ఈ ఏడాది పత్రం ఇంకా అందలేదు. మీరే వచ్చి ఇవ్వవలసి ఉంటుంది. ఒంట్లో బాగాలేక రాలేకపోతే ఆ సంగతి రాసి పంపండి, తగిన ఏర్పాటు చేస్తాం. గడువులోగా అందకపోతే డిసెంబరు నుంచి పింఛను ఆగుతుంది.”

సంబోధన కాక ఇందులో 37 మాటలున్నాయి. మొదటి ఉత్తరంలోని విషయమంతా ఉంది. అనారోగ్యం మాట చివరి నుంచి, రమ్మన్న మాట పక్కకే వచ్చింది. సందేహం పుట్టేది అక్కడే గనుక జవాబూ అక్కడే ఉండాలి. ‘పంపండి’ అన్న ఆజ్ఞార్థకాన్ని ఉంచాను, అది ఆమె మేలు కోసం చెప్పినది గనుక.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ‘జీవన ధ్రువీకరణ పత్రం’ అనే మాటను మాత్రం ఎందుకు సరళం చేయలేదు? జనం దాన్ని ‘బతికున్నట్టు కాగితం’ అంటారు కదా? నిజమే. పెద్దలు తమ గురించి తాము నవ్వుతూ అనుకునే మాట అది. కార్యాలయం అదే మాట రాస్తే, బతికే ఉన్నారని రుజువు చూపమన్నట్టు అవుతుంది. పైగా కిటికీ దగ్గర అడగవలసిన పేరు ధ్రువీకరణ పత్రమే. ఎవరి నోట వస్తే ఏమవుతుందో చూడకుండా వాడుక మాటను ఎత్తి రాయడం వ్యావహారిక వాదం కాదు. అలాగే ‘ఇయ్యాలె’ వంటి ప్రాంతీయ రూపాలు నేరుగా చెప్పే మాటకు అందం. అన్ని ప్రాంతాలకూ వెళ్ళే ఉత్తరంలో పత్రికల ద్వారా అందరికీ పరిచయమైన రూపమే మేలు.

ముగింపు

కుదించిన ఉత్తరాన్ని పరీక్షించడానికి పదాలు లెక్కపెట్టడం చాలదు. దాన్ని ఒక పెద్దమనిషికి చదివి వినిపించి, ఆ మనిషి వేసే మొదటి ప్రశ్న వినాలి. ‘ఏం చేయమంటారు?’ అంటే గ్రాంథికం ఇంకా మిగిలి ఉంది. ‘నేనేం తప్పు చేశాను?’ అంటే కోత మర్యాద దాకా వెళ్ళింది. మూడవ ఉత్తరాన్ని అమ్మమ్మకు చదివి వినిపించాను. “అయితే రాసి పంపిద్దాం, కాగితం తీసుకో” అంది. భాషాశాఖల్లో లేఖారచన బోధించే మనం విద్యార్థులకు ‘చేయబడును’ కొట్టివేయడం నేర్పుతున్నాం. దాని స్థానంలో ‘ఆగుతుంది’ రావాలా, ‘చేస్తాం’ రావాలా అని ఆలోచించడం నేర్పనంత కాలం, గ్రాంథిక పక్షం వారి భయాన్ని మన చేతులతోనే నిజం చేస్తుంటాం.