శుక్రకుజుల మీదికి నెట్టిన చెంపదెబ్బ

కొన్నేళ్ల క్రితం ఒక తల్లి తన కుమార్తెను నా వద్దకు తీసుకొనివచ్చారు. అమ్మాయి చెంప వాచి ఉంది, ముంజేతిపై నాలుగు వేళ్ల గుర్తులు. నేను అడగకముందే తల్లి, "అల్లుడి జాతకంలో శుక్రుడికీ కుజుడికీ పడదు డాక్టరుగారూ, అందుకే ప్రేమా ఎక్కువే, కోపమూ ఎక్కువే" అన్నారు. ఫోనులో ఏదో ఆంగ్ల జ్యోతిష యాప్ చూసి చెప్పిన మాట అది.

శుక్రుడు మనిషి ప్రేమించే తీరుకూ, కుజుడు కోరికకూ కలహానికీ కారకులని, రెండింటినీ కలిపి చదివితే దాంపత్యం బోధపడుతుందని ఈ పద్ధతి వాదన. సరే, దాని లెక్కతోనే దాన్ని పరీక్షిద్దాం.

ఆ అల్లుడి శుక్రుడు మేషంలో 10 డిగ్రీలు, కుజుడు కర్కాటకంలో 10 డిగ్రీలు. ఇది పాశ్చాత్యుల సాయన లెక్క. ఆ పద్ధతిలో మేషం శుక్రుడికి పడని రాశి, కర్కాటకం కుజుడికి నీచ. పైగా ఇద్దరి మధ్య 90 డిగ్రీల దూరం సంఘర్షణకు గుర్తు. తొందరపడి ప్రేమించి, అలిగి, ఆపై విరుచుకుపడే మనిషి అని ఫలితం.

మన పంచాంగకర్తలు అనుసరించే నిరయన లెక్కలో సుమారు 24 డిగ్రీల అయనాంశ తీసివేయాలి. అప్పుడు అదే శుక్రుడు మీనంలో 16వ డిగ్రీకి చేరుతాడు. మీనం శుక్రుడికి ఉచ్చస్థానం! కుజుడు మిథునానికి వెనుదిరుగుతాడు, నీచత్వం పోతుంది. మనవారి ప్రకారం కుజుడు తానున్న చోటినుండి 4, 7, 8 రాశులను మాత్రమే చూస్తాడు. మిథునానికి మీనం పదవది. కనుక శుక్రుడిపై కుజుని దృష్టే లేదు. అదే మనిషి, అదే జన్మక్షణం, ఇప్పుడు ఉత్తమ ప్రేమికుడు.

చెంప మాత్రం రెండు లెక్కల్లోనూ అంతే వాచి ఉంది.

మన పద్ధతి మేలనుకొని సంతోషించనక్కరలేదు. 2, 4, 7, 8, 12 స్థానాలలో కుజుడుంటే కుజదోషమంటారు. లగ్నం, చంద్రుడు, శుక్రుడు అనే మూడింటినుండీ లెక్కించే ఆచారమూ ఉంది. పన్నెండింట ఐదు స్థానాలు, మూడు మార్లు: మూడూ పరస్పరం సంబంధం లేనివనుకుంటే, నూటికి దాదాపు ఎనభై మందికి దోషం తగులుతుంది. ఇక ఏ మగవాడి కోపానికైనా కుజుడు దొరకడంలో వింతేముంది? సంబంధం కావాలనుకుంటే పరిహారాలు, మినహాయింపులు కూడా సిద్ధమే.

ఆకర్షణ గురించి సరదాగా చదువుకుంటే నాకు అభ్యంతరం లేదు. దెబ్బకు కారణంగా దాన్ని చూపితేనే నా అభ్యంతరం. నేను అడిగిన ప్రశ్నలు వేరు: ఎన్నిసార్లు కొట్టాడు, మద్యం తాగినప్పుడేనా, గొంతు నొక్కాడా, ఆఫీసులో పై అధికారిపై చేయి ఎత్తాడా? చివరి ప్రశ్నకు అమ్మాయి "లేదు" అన్నది. పై అధికారి ముందు అణగిపోయే కుజుడు ఇంట్లోనే విజృంభిస్తాడా?

గాయాలను కొలిచి, తేదీతో నమోదు చేసి, ఆ కాగితం అమ్మాయి చేతికే ఇచ్చాను. 181 అనే మహిళా సహాయ సంఖ్యను దాని వెనుక రాశాను. తల్లి మాత్రం శాంతి ఎక్కడ చేయించాలని అడిగారు.